నెలకు 22,500కి ఏమేం వస్తాయి: ఒక రెస్టారెంట్ యజమానికి సోషల్ మీడియా ప్రతిపాదన లేఖ

విజయవాడ బందరు రోడ్డుకు ఆనుకున్న సందులో ఒక ఫ్యామిలీ రెస్టారెంట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఏసీ హాల్లో 70 సీట్లు. ఉలవచారు బిర్యానీకి, గోంగూర మటన్‌కు జనం వస్తారు. శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం రాత్రి దాకా బయట కుర్చీలు వేసి కూర్చోబెట్టాల్సిందే. సోమవారం నుంచి గురువారం దాకా మధ్యాహ్నం మాత్రం హాల్లో పాతిక మంది కనిపిస్తే గొప్ప. యజమాని ఒక ఫ్రీలాన్స్ సోషల్ మీడియా మేనేజర్‌ను పిలిచి అడిగింది రెండే ముక్కలు: "ఇన్‌స్టాలో ఫాలోవర్లు పెరగాలి, రోజుకో పోస్టు పడాలి. ఎంత తీసుకుంటారు?"

ఈ ప్రశ్నకు అక్కడికక్కడే ఒక అంకె చెప్పేసి, ఇంటికెళ్లి దాన్నే లేఖగా రాసి పంపడం మామూలుగా జరిగేది. "మీ సోషల్ మీడియా మొత్తం నేనే చూసుకుంటాను, రోజుకో పోస్టు, నెలకు 15,000" అని. తర్వాత వచ్చే తగాదాలన్నీ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. "మొత్తం" అంటే యజమాని లెక్కలో జొమాటో ఫోటోలు, కొత్త మెనూ కార్డు డిజైన్, దసరా ఫ్లెక్సీ, రాత్రి పదకొండుకు వచ్చిన మెసేజ్‌కు జవాబు అన్నీ అందులోనివే. "పోస్టు" అంటే రాసినవారి లెక్కలో ఒక ఫోటో, ఆయన లెక్కలో ఒక వీడియో. "చూసుకోవడం" ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇద్దరికీ తెలియదు. రెండో నెలకు వచ్చేసరికి ఆయనకు తక్కువ చేస్తున్నట్టు, ఈయనకు ఎక్కువ చేయిస్తున్నట్టు అనిపించడం మొదలవుతుంది. ఇద్దరి మాటా నిజమే.

లేఖ రాయడానికి ముందు యజమాని దగ్గర మూడు సంగతులు కనుక్కోవాలి. మొదటిది, ఒక మనిషి తిన్నదానికి సగటు బిల్లు ఎంత, అందులో సరుకు, గ్యాస్ ఖర్చు పోగా మిగిలేది ఎంత. ఈ హోటల్లో మనిషికి రూ. 320, మిగిలేది సగం, అంటే రూ. 160 అనుకుందాం. అద్దె, జీతాలు ఎలాగూ కట్టేవే కాబట్టి అదనంగా వచ్చే మనిషి విషయంలో వాటిని ఇక్కడ కలపనక్కర్లేదు. రెండోది, గత మూడు నెలల్లో సోమవారం నుంచి గురువారం దాకా మధ్యాహ్నం ఎన్ని బిల్లులు పడ్డాయో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోంచి తీయించాలి. పని మొదలయ్యాక ఈ అంకె తీస్తే దేనితో పోల్చాలో తెలియదు. మూడోది, ఇన్‌స్టా ఖాతా, ఫేస్‌బుక్ పేజీ, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఎవరి చేతిలో ఉన్నాయి. ఎప్పుడో పేజీ తెరిచిన కుర్రాడు ఉద్యోగం మానేసి వెళ్లిపోయి, పాస్‌వర్డు అతని ఫోన్లోనే ఉండిపోవడం చాలా హోటళ్లలో ఉన్నదే. అదే జరిగి ఉంటే మొదటి వారం పోస్టులకు కాదు, తాళం చెవులు వెతకడానికే సరిపోతుంది.

ఫీజు గంటల్లోంచి రావాలి

ఫ్రీలాన్సర్ ముందుగా తన గంట విలువ తేల్చుకోవాలి. నెలకు చేతికి 45,000 కావాలి, ఎడిటింగ్ యాప్‌ల చందా, ఇంటర్నెట్, పెట్రోలు, ఫోన్ అరుగుదల కలిపి 7,000 అవుతుంది అనుకుంటే మొత్తం 52,000. నెలలో 160 గంటలు పనిచేసినా డబ్బు వచ్చే గంటలు 100 దాటవు. మిగతావి కొత్త క్లయింట్లను కలవడానికి, బిల్లులకు, ఫోన్లకు, పని లేని రోజులకు పోతాయి. కాబట్టి గంటకు రూ. 520. ఈ వంద అన్న అంకెను 160గా వేసుకునేవారు తక్కువ ధర చెప్పి, ఏడాది తిరగకుండానే అలిసిపోతారు.

యజమాని అడిగినట్టే నిండుగా చేస్తే నెలకు గంటలు ఇలా పడతాయి. రెండు షూట్‌లు, ఒక్కోటి నాలుగు గంటలు, ప్రయాణం, తయారీతో కలిపి 11 గంటలు. ఎనిమిది రీల్స్‌కు, కోత, తెలుగు అక్షరాలు, కవర్, సవరణ కలిపి ఒక్కోదానికి రెండేసి చొప్పున 16. ఆరు ఫోటో పోస్టులకు నాలుగున్నర. ఇరవై స్టోరీలకు మూడుంబావు పైన. నెల క్యాలెండర్, క్యాప్షన్లకు 4. కామెంట్లు, మెసేజ్‌లు, రివ్యూల జవాబులకు రోజూ అరగంట చొప్పున 26 రోజులకు 13. ప్రకటనలకు 4, రిపోర్టుకు, మీటింగ్‌కు 3. అంతా కూడితే దగ్గర దగ్గర 59 గంటలు. అనుకోనివాటికి పదో వంతు కలిపితే 65. గంటకు 520 లెక్కన రూ. 33,800.

ఈ హోటల్ భరించగలిగేది పాతిక వేల లోపే అని మొదటి మాటల్లోనే తెలిసింది. ఇక్కడ ధర తగ్గించకూడదు, పని తగ్గించాలి. ఏది తగ్గించాలో పట్టీలోనే కనిపిస్తోంది: మెసేజ్‌ల జవాబులకు 13 గంటలు. "టేబుల్ ఉందా", "పార్సిల్ ఎంత", "పార్కింగ్ ఉందా" అన్న ప్రశ్నలకు బయట కూర్చున్న మనిషి కంటే క్యాషియర్ త్వరగా, సరిగ్గా జవాబు చెప్పగలడు. వాట్సాప్ బిజినెస్‌లో పది రెడీ జవాబులు రాసి అతని చేతికిస్తే సరిపోతుంది. స్టోరీలు కూడా అంతే. వంటింట్లోంచి వెళ్లే పదిహేను సెకన్ల ముక్క ఎంత మామూలుగా ఉంటే అంత బాగుంటుంది, దానికి ఎడిటర్ అక్కర్లేదు. ఈ రెండూ హోటల్‌కు వదిలి, రివ్యూలకు మాత్రం 4 గంటలు ఉంచి, రీల్స్ ఆరుకు, పోస్టులు నాలుగుకు, షూట్ మూడు గంటలకు తగ్గిస్తే మొత్తం 39 గంటలు. పదో వంతుతో 43. అంటే రూ. 22,360, లేఖలో 22,500.

లేఖ

గౌరవనీయులైన యజమాని గారికి,

నమస్కారం. మొన్న మీ హోటల్లో మాట్లాడుకున్న దాని ప్రకారం సెప్టెంబరు 1 నుంచి నవంబరు 30 వరకు మూడు నెలల పనికి నా ప్రతిపాదన ఇది.

ఏం సాధించాలని: సోమవారం నుంచి గురువారం వరకు మధ్యాహ్నం భోజనానికి వచ్చేవారి సంఖ్య పెంచడం. ఫాలోవర్ల సంఖ్య రిపోర్టులో ఉంటుంది, కానీ పని బాగుందో లేదో తేల్చేది అది కాదు. గత మూడు నెలల మీ మధ్యాహ్నం బిల్లుల సగటుతో ప్రతి నెలా పోల్చి చూపిస్తాను.

మొదటి వారంలో ఒక్కసారి చేసే పని: ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లలో వేళలు, ఫోన్ నంబరు, మ్యాప్ గుర్తు, మెనూ సరిచేయడం. గూగుల్‌లో 15 కొత్త ఫోటోలు. వాట్సాప్ బిజినెస్‌లో 10 రెడీ జవాబులు. మీ క్యాషియర్‌కు గంటసేపు శిక్షణ.

ప్రతి నెలా ఇచ్చేవి: 6 రీల్స్. ఒక రీల్ అంటే 20 నుంచి 40 సెకన్ల నిలువు వీడియో, తెలుగు అక్షరాలు, కవర్, క్యాప్షన్‌తో సహా. అదే వీడియో ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్ షార్ట్స్ మూడింటిలో పెడతాను, దాన్ని ఒక్క రీల్‌గానే లెక్కించాలి. 4 ఫోటో పోస్టులు, ఒక్కోదాంట్లో 5 ఫోటోల వరకు. గూగుల్ రివ్యూలకు పనిరోజుల్లో 48 గంటల లోపు జవాబు. ప్రకటనలు పెట్టి నడపడం. నెలాఖరున ఒక పేజీ రిపోర్టు, అరగంట మీటింగ్.

షూట్: నెలకు రెండుసార్లు, ఒక్కోసారి 3 గంటలు. ఒకటి ఉదయం 11 నుంచి 2 వరకు, దమ్ము తీసే వేళ. ఇంకొకటి మధ్యాహ్నం 3 నుంచి 6 వరకు, ప్లేటింగ్ కోసం. ఒక్కో షూట్‌కు 5 వంటకాలు మీరు సిద్ధం చేయించాలి, వాటి ఖర్చు మీదే. వాయిదా వేయాలంటే ఒక రోజు ముందు చెప్పాలి, లేకపోతే ఆ షూట్ జరిగినట్టే లెక్క.

మీ వైపు నుంచి కావలసినవి: స్టోరీలు, మెసేజ్‌ల జవాబులు మీ సిబ్బంది చూసుకోవాలి. అనుమతి చెప్పే మనిషి ఒక్కరే ఉండాలి, వారి పేరు ఈ లేఖ చివర రాయండి. ప్రతి నెలా 25న వచ్చే నెల క్యాలెండర్ పంపుతాను, మూడు రోజుల్లో మార్పులు చెప్పాలి. ఒక్కో రీల్‌కు రెండుసార్లు సవరణ ఫీజులోనే ఉంది. ధర గానీ ఆఫర్ గానీ ఉన్న పోస్టు మీరు వాట్సాప్‌లో 'సరే' అని రాస్తేనే వెళ్తుంది.

ఇందులో లేనివి: స్విగ్గీ, జొమాటో పేజీలు, మెనూ కార్డు, ఫ్లెక్సీ డిజైన్, డ్రోన్ షూట్, ఫుడ్ వ్లాగర్లను పిలిపించడం. అదనపు రీల్ ఒక్కోటి రూ. 1,600. అదనపు షూట్ రూ. 2,400.

ఫీజు: మొదటి వారం పనికి ఒకేసారి రూ. 4,000. నెలకు రూ. 22,500. మూడు నెలలకు అంతా కలిపి రూ. 71,500. నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి దీని మీద జీఎస్టీ పడదు. మీరు టీడీఎస్ కోస్తే ఆ సర్టిఫికెట్ నాకు ఇవ్వాలి.

ప్రకటనల ఖర్చు: నెలకు సుమారు రూ. 6,000, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ. 1,080. ఇది మీ ఖాతా నుంచి నేరుగా మెటాకు వెళ్తుంది, నా ద్వారా కాదు.

చెల్లింపు: సంతకం రోజున రూ. 26,500. అక్టోబరు, నవంబరు 5వ తేదీ లోపు రూ. 22,500 చొప్పున. 12వ తేదీ దాటితే డబ్బు అందే వరకు కొత్త పోస్టులు ఆగుతాయి.

ఖాతాలు, వీడియోలు: ఖాతాలన్నీ మీ పేరునే ఉంటాయి, నాకు పనికి సరిపడా అనుమతి ఇస్తే చాలు. డబ్బు చెల్లించిన నెల వీడియోలు, ఫోటోలు మీవి. ఎడిటింగ్ ఫైళ్లు ఇందులో రావు. నా పని నమూనాగా వాటిని చూపించుకునే హక్కు నాకు ఉంటుంది.

ఆపేయాలంటే: ఎవరైనా 15 రోజుల ముందు రాసి చెప్పాలి. అప్పటికి చేసిన పనికి తగ్గ ఫీజు లెక్క కట్టి తేల్చుకుందాం. పని ముగిసిన 7 రోజుల్లో నా అనుమతులు మీరు తీసేయవచ్చు.

లెక్క కోసం ఒక మాట: నా ఫీజు, ప్రకటనలు కలిపి మీకు నెలకు రూ. 29,580 అవుతుంది. మనిషికి మీకు మిగిలేది రూ. 160 అన్నారు. ఆ లెక్కన నెలకు 185 మంది, అంటే సోమ నుంచి గురు వరకు ఒక్కో మధ్యాహ్నం 11 మంది అదనంగా వస్తే ఖర్చు తిరిగి వచ్చినట్టు. ఇది హామీ కాదు, మూడో నెలాఖరున ఇద్దరం కూర్చుని చూసుకోవాల్సిన అంకె.

ఈ ధరలు 10 రోజుల వరకు వర్తిస్తాయి.

ఇట్లు,
(సంతకం, తేదీ)

అంగీకరించినవారు, అనుమతి చెప్పేవారు:
(పేరు, సంతకం, తేదీ)

ఒక్కో మాట ఎందుకు అలా ఉంది

లేఖలో అన్నిటికంటే బరువైనది చివరి లెక్క. 22,500 అన్న అంకె విడిగా చూస్తే ఒక వెయిటర్ జీతం కంటే ఎక్కువ కనిపిస్తుంది. "పూటకు 11 మంది" అని చెప్తే యజమాని దాన్ని తన హాలుతో పోల్చుకుంటారు: మూడు టేబుళ్లు. అది జరిగేదో కాదో ఆయనకే బాగా తెలుసు. కానీ ఈ లెక్కకు ఆయన చెప్పిన 160 రూపాయలే ఆధారం. ఆయన మిగులును ఎక్కువ చేసి చెప్తే 11 అన్నది తక్కువ అంకె అవుతుంది. అందుకే "మీరు అన్నారు" అన్న మాట లేఖలో ఉండాలి.

ప్రకటనల డబ్బు ఫ్రీలాన్సర్ చేతి మీదుగా పోకూడదు. "30,000 ఇవ్వండి, ప్రకటనలు కూడా నేనే పెడతా" అంటే ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అన్న అనుమానం ఎప్పటికీ పోదు. పైగా ఆ మొత్తం ఫ్రీలాన్సర్ రాబడిగా కనిపిస్తుంది. సేవలు అందించేవారికి ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. నాలుగైదు హోటళ్ల ప్రకటనల డబ్బు తన ఖాతాలో తిప్పుకునేవారు ఆ గీతకు అనవసరంగా దగ్గరవుతారు. యజమాని వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి ఉంది. విడి రెస్టారెంట్లు 5 శాతం జీఎస్టీ వసూలు చేస్తాయి, కానీ తాము కొన్నవాటి మీద కట్టిన పన్నును వెనక్కి తీసుకోలేవు. కాబట్టి ఏజెన్సీ వేసే 18 శాతం ఆయనకు పూర్తిగా ఖర్చే. 22,500 మీద అది 4,050. రిజిస్ట్రేషన్ లేని ఫ్రీలాన్సర్‌కు, ఏజెన్సీకి మధ్య ధర పోల్చేటప్పుడు ఈ తేడాను యజమానులు సాధారణంగా చూడరు. లేఖలో ఒక్క వాక్యం చాలు, ఆడిటర్ చదివితే వెంటనే పట్టుకుంటాడు.

ఆ 6,000ను రోజుకు 200 చొప్పున ముప్పై రోజులకు పరచడం తప్పు. హాలు శుక్రవారం నుంచి ఎలాగూ నిండుతుంది. మర్నాటి మధ్యాహ్నం ఎక్కడ తినాలో అనుకునేది ముందు రోజు సాయంత్రమో, ఆ రోజు ఉదయమో. కాబట్టి ఆదివారం సాయంత్రం నుంచి బుధవారం దాకా, నెలకు 17 రోజులు, రోజుకు 350 చొప్పున పెడితే 5,950. హోటల్ చుట్టూ ఐదారు కిలోమీటర్లు దాటించకూడదు. గుంటూరు నుంచి వచ్చిన లైకులు చూసి సంతోషపడవచ్చు గానీ, వాళ్లు సోమవారం భోజనానికి రారు.

షూట్ వేళలు కూడా ఊరికే రాసినవి కావు. దమ్ము మూత తీసే క్షణం హండికి ఒక్కసారే దొరుకుతుంది. ఆవిరి బాగా కనిపించేది కొన్ని క్షణాలే. మాస్టర్ మూత తీశాక "ఇంకోసారి" అనడానికి లేదు, తర్వాతి హండి దాకా ఆగాలి. అందుకే ఒక షూట్ సర్వీసు మధ్యలోనే పెట్టాలి. ఆ సమయంలో వంటింట్లో ట్రైపాడ్ పెట్టి అడ్డం పడితే మాస్టర్‌కు కోపం వస్తుంది, వంటకం ఎంత బాగున్నా అతని మొహం వీడియోలో తెలిసిపోతుంది. ప్లేటింగ్ మాత్రం మూడింటి తర్వాతే. అప్పుడు పొయ్యిలు ఖాళీ, హాల్లో కిటికీ పక్క టేబుల్ దొరుకుతుంది. ట్యూబ్‌లైట్ కింద తీసిన గోంగూర నల్లగా, మటన్ బూడిద రంగులో వస్తాయి. కిటికీ వెలుతురు పక్క నుంచి పడితే నూనె తేలిన మెరుపు కనిపిస్తుంది. "5 వంటకాలు" అని హద్దు పెట్టడానికి కారణం కూడా ఇదే: ఆరోది వచ్చేసరికి మొదటిది చల్లారి పైన నెయ్యి పేరుకుంటుంది.

అనుమతి చెప్పే మనిషి ఒక్కరే అన్న షరతు చిన్నదిగా కనిపిస్తుంది. అది లేకపోతే రెండుసార్లు సవరణ అన్న షరతుకు అర్థం ఉండదు. యజమాని సరే అన్న రీల్‌ను అబ్బాయి మార్చమంటాడు, అబ్బాయి మార్పించింది చూసి బావమరిది పాట బాలేదంటాడు. ముగ్గురూ తలా రెండుసార్లు అడిగితే ఆరు సవరణలు, రెండు గంటల రీల్ ఐదు గంటలవుతుంది.

పాట సంగతి సంతకానికి ముందే నోటితో చెప్పి ఉండాలి. కొత్త సినిమా పాట పెట్టమని యజమాని తప్పకుండా అడుగుతారు. ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ ఖాతాలకు సినిమా పాటల లైబ్రరీ పూర్తిగా దొరకదు. వ్యాపారానికి వాడుకునే హక్కు లేని పాటను వీడియోలోనే కలిపి పెడితే శబ్దం తీసేయవచ్చు, వీడియోనే తొలగించవచ్చు, దాన్ని ప్రకటనగా నడపడం కుదరకపోవచ్చు. మెటా సౌండ్ కలెక్షన్‌లోని సంగీతం, లేదా పోపు చిటపట, గరిటె చప్పుడు లాంటి అసలు శబ్దాలు వాడాలి. వంటల వీడియోకు ఆ రెండోది ఎన్నోసార్లు పాట కంటే మేలు.

రివ్యూల విషయంలో లేఖ "జవాబు" అనే చెప్పింది, "రివ్యూలు పెంచుతాను" అనలేదు. ఐదు నక్షత్రాలు ఇస్తే గులాబ్‌జామ్ ఉచితం అని టేబుల్ మీద కార్డు పెట్టే అలవాటు ఉంది. బహుమతి చూపి రివ్యూ రాయించుకోవడం గూగుల్ నియమాలకు విరుద్ధం, పట్టుబడితే రివ్యూలు పోతాయి. బాగుందన్న వాళ్లనే ఏరి రాయమనడం కూడా ఆ నియమాల్లో కుదరదు. బిల్లుతో పాటు క్యూఆర్ కోడ్ ఇచ్చి అందరినీ అడగడం వరకే సరైనది.

ఫుడ్ వ్లాగర్లను బయట పెట్టడానికి కారణం వాళ్ల ధర ఒక్కటే కాదు. ఉచితంగా భోజనం పెట్టినా సరే, అది ప్రకటనే అని వీడియోలో స్పష్టంగా చెప్పాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో తెచ్చిన మార్గదర్శకాలు అంటాయి. "ఊరికే తిని వెళ్లారు" అని దాచే ఏర్పాటులో సోషల్ మీడియా మేనేజర్ మధ్యవర్తిగా ఉంటే మాట తనకూ వస్తుంది. కావాలంటే అది విడి లేఖ, విడి ఫీజు.

మూడు నెలల క్యాలెండర్‌లో చూడాల్సింది కార్తీకం. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎక్కువ ఏళ్లలో చవితి, దసరా వస్తాయి, ఇంద్రకీలాద్రి జనంతో ఊరు నిండుతుంది, వాళ్లలో చాలామంది శాకాహారం వెతుకుతారు. కార్తీకం వచ్చాక సోమవారం మటన్ రీల్ పెడితే డబ్బు దండగ, పైగా కింద కామెంట్లలో చీవాట్లు. నవంబరులో ఆరు రీల్స్‌లో నాలుగైనా ఉలవచారు, గుత్తి వంకాయ, పుట్టగొడుగుల పులావ్ వంటివి కావాలి. యజమాని ఆ నెలకు శాకాహార థాలీ పెట్టకపోతే ఎంత మంచి రీల్ అయినా మధ్యాహ్నం టేబుళ్లు నింపలేదు. ఈ మాట అక్టోబరు 25 క్యాలెండర్‌లో కాదు, లేఖ ఇచ్చేటప్పుడే అనాలి, ఎందుకంటే మెనూ మార్చడానికి వంటింటికి కనీసం రెండు మూడు వారాలు కావాలి. ఈ పోలికలో ఇంకో చిక్కుంది: ఆధారంగా తీసుకున్న జూన్, జులై, ఆగస్టుల్లో శ్రావణం కూడా ఉండవచ్చు. ఏడాది కిందటి అవే నెలల బిల్లులు దొరికితే వాటినీ పక్కన పెట్టుకోవడం మంచిది.

ఖాతాల అనుమతి గురించి లేఖలో రాసింది ఆచరణలో ఇలా ఉంటుంది. మెటా బిజినెస్ పోర్ట్‌ఫోలియో యజమాని పేరున తెరిచి, అందులో ఫ్రీలాన్సర్‌ను పరిమిత అనుమతితో చేర్చాలి. పాస్‌వర్డు చేతులు మారనక్కర్లేదు. గూగుల్ ప్రొఫైల్‌లో మేనేజర్‌గా చేర్చాలి, ఓనర్‌గా కాదు. కొత్తగా చేరినవారికి మొదటి 7 రోజులు కొన్ని పనులు చేసే వీలుండదు కాబట్టి ఈ పని ఆగస్టు ఆఖరి వారంలోనే అయిపోవాలి.

బేరం వచ్చినప్పుడు

లేఖ చదివి యజమాని అనే మాట ఊహించేదే: "18,000 చేసుకోండి." తగ్గాల్సింది 4,500, అంటే దాదాపు ఎనిమిదిన్నర గంటలు. రెండు రీల్స్ తీసేస్తే 4 గంటలు, ఒక షూట్ తీసేస్తే 4.5. పదో వంతు కలిపితే 9 గంటల పైన తగ్గుతుంది. అప్పుడు నెలకు 4 రీల్స్, ఒకే షూట్, రూ. 18,000 అని కొత్త కాగితం రాసి ఇవ్వాలి. పాత లేఖ మీద అంకె కొట్టేసి రాయకూడదు, అలా రాస్తే ఆరు రీల్స్ అన్న వాక్యం అలాగే మిగిలిపోతుంది. ఆ ఒక్క షూట్ దమ్ము వేళకు పెడితే ప్లేటింగ్ వీడియోలు పలుచబడతాయని కూడా చెప్పాలి. తీసేయడానికి వీలులేనిది ప్రకటనల పని. ఆ 4 గంటలు పోతే సోమవారం మధ్యాహ్నం అన్న లక్ష్యమే లేఖలోంచి పోయినట్టు.

"పది వేల ఫాలోవర్లు వస్తారని రాసివ్వండి" అన్నదానికి జవాబు రాయననే. అలా రాసిచ్చేవాళ్లు వాటిని కొనుక్కొస్తారు. కొన్న ఖాతాలు వీడియోలు చూడవు, చూడని ఫాలోవర్లు పెరిగే కొద్దీ కొత్త రీల్స్ అసలు జనానికి చేరడం తగ్గుతుంది. దాని బదులు ఇవ్వగలిగింది మూడు అంకెలు: మధ్యాహ్నం బిల్లుల సంఖ్య, గూగుల్ ప్రొఫైల్ నుంచి వచ్చిన కాల్స్, దారి అడిగినవారి సంఖ్య. దారి అడిగిన ప్రతివాడూ వచ్చి తిన్నట్టు కాదు కాబట్టి నాలుగోది కూడా కావాలి. క్యాషియర్ బిల్లు ఇస్తూ "మా గురించి ఎక్కడ చూశారండీ?" అని అడిగి ఒక నోటుపుస్తకంలో ఇన్‌స్టా, గూగుల్, తెలిసినవాళ్లు, దారిన పోతూ అని నాలుగు గళ్లలో గీత పెట్టాలి. రద్దీలో క్యాషియర్ ఇది మర్చిపోతాడు, వారాంతంలో అయితే అసలు కుదరదు. సోమవారం నుంచి గురువారం దాకా మధ్యాహ్నం పాతిక మందిని అడగడం మాత్రం కష్టం కాదు. ఆ నోటుపుస్తకం కొనే పని మొదటి వారం శిక్షణలోనే చేర్చాలి.